వయసుకు కాగితాల వరుస ఉంది. దానిని తలకిందులు చేసే హక్కు ఎవరికీ లేదు

మన బస్తీల్లో పోలీసులు ఒక కుర్రవాణ్ణి పట్టుకుపోయిన రాత్రి మొదట అడిగేది ఆధార్ కార్డు. అందులో ఉన్న సంవత్సరాన్ని చూసి రిమాండు రిపోర్టులో "వయసు 19 సంవత్సరాలు" అని రాస్తారు. తెల్లవారేసరికి ఆ అంకె ఒక వాస్తవమైపోతుంది. మేజిస్ట్రేటు ముందు, జైలు రిజిస్టరులో, మరునాటి పత్రికలో అదే అంకె నిలుస్తుంది. తల్లి గుండెలు బాదుకుంటూ "నా బిడ్డకు ఇంకా పదహారే" అంటే, "కార్డులో ఉన్నది చదువుకో అమ్మా" అని జవాబు వస్తుంది.

ఆ జవాబు చట్టవిరుద్ధమని మేము చెప్పదలిచాము. వయసును ఏ కాగితంతో తేల్చాలో, ఒకటి లేనప్పుడు దాని తరువాత దేనిని చూడాలో, చివరకు వైద్య పరీక్షకు ఎప్పుడు పోవాలో పార్లమెంటు ఒక వరుస కట్టి ఇచ్చింది. ఆ వరుసలో ఆధార్ ఎక్కడా లేదు. అయినా అదే మొదటి కాగితంగా చలామణి అవుతున్నదంటే తప్పు చట్టానిది కాదు. చట్టాన్ని తెరవని అధికారులది, తెరిపించని మనది.

ఆ వరుస 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షనులో ఉంది. ఎదుట నిలిచిన వ్యక్తి బాలుడేనని చూడగానే స్పష్టమైతే జువెనైల్ జస్టిస్ బోర్డు ఆ మాట నమోదు చేసి విచారణ సాగించవచ్చు. సహేతుకమైన అనుమానం ఉంటేనే కాగితాలు అడగాలి. మొదటి మెట్టు: పాఠశాల ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం, లేదా పరీక్షల బోర్డు ఇచ్చిన పదో తరగతి లేక దానికి సమానమైన ధ్రువపత్రం. ఇవి లేనప్పుడు రెండవ మెట్టు: మునిసిపాలిటీ, కార్పొరేషన్ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఈ రెండు మెట్లలో ఏదీ లేనప్పుడు మాత్రమే మూడవ మెట్టు: ఎముకల పరీక్ష లేదా మరో అధునాతన వైద్య పరీక్ష. అది కూడా బోర్డు లేక కమిటీ ఉత్తర్వు మీద, ఆ ఉత్తర్వు వెలువడిన 15 రోజుల్లో పూర్తి కావాలి. పోలీసు తనంతట తాను ఆసుపత్రికి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించి "పెద్దవాడే" అని తేల్చే పద్ధతి ఈ సెక్షనులో లేదు.

అంతకు ముందున్న 2007 నాటి నిబంధనల్లో వరుస కొంత భిన్నంగా ఉండేది. 12వ నిబంధన పదో తరగతి ధ్రువపత్రాన్ని ఒంటరిగా పైన పెట్టి, ఆ తరువాత పిల్లవాడు మొదట చేరిన పాఠశాల పత్రాన్ని, ఆ తరువాత జనన ధ్రువపత్రాన్ని ఉంచింది. వైద్య పరీక్షలో తేలిన వయసును ఒక ఏడాది వరకు తగ్గించి చూసే వెసులుబాటు కూడా అందులో ఉండేది. కొత్త చట్టం పాఠశాలనూ పరీక్షల బోర్డునూ ఒకే మెట్టు మీద పెట్టింది. ఏడాది వెసులుబాటు మాట మాత్రం ఎత్తలేదు. పాత నిబంధన చదివి వాదించే వకీలు, పాత అలవాటుతో తీర్పు చెప్పే అధికారి ఇద్దరూ ఇంకా ఉన్నారు గనుక ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక ఒక ఉదాహరణ తీసుకుందాము. ఇది ఒక ఇంటి కథ కాదు. మా దగ్గరకు వచ్చే ఎన్నో ఇళ్ల కథలను కలిపి, లెక్క స్పష్టంగా కనిపించడానికి కట్టుకున్నది.

ఒక పట్టణంలో మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రవాడు. 2024 సెప్టెంబర్ 20న వీధిలో జరిగిన గొడవలో ఒక మనిషి చనిపోయాడు. కేసులో పేరు చేర్చిన వారిలో ఈ కుర్రవాడూ ఒకడు. అతనికి మూడు కాగితాలున్నాయి. మునిసిపాలిటీ జనన రిజిస్టరులో 2008 డిసెంబర్ 9 అని ఉంది. ఏడో తరగతి వరకు చదివిన బడి రికార్డులో 2008 జూన్ 1 అని ఉంది. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం 2006 అని మాత్రమే ఉంది. కంప్యూటరు దానిని 2006 జనవరి 1గా లెక్కగడుతుంది.

మూడు తేదీలు ఎలా పుట్టాయి? జనన రిజిస్టరులోని తేదీ ప్రసవం జరిగిన ఆసుపత్రి పంపినది. బడి తేదీ 2013 జూన్‌లో పుట్టింది. ఒకటో తరగతిలో చేర్చాలంటే ఐదేళ్లు నిండాలని చెప్పారు, పిల్లవాడికి నాలుగున్నరే. "జూన్ ఒకటి వేసుకుందాం లెండి" అని ఒకరన్నారు, తండ్రి తల ఊపాడు. ఆ కలం గీతతో బిడ్డ ఆరు నెలలు పెద్దవాడయ్యాడు. ఇక ఆధార్ తేదీ శిబిరంలో పుట్టింది. "ఎన్నేళ్లు?" అని అడిగారు; "ఎనిమిది ఉంటాయి" అని బంధువెవరో చెప్పారు. కాగితం చూడలేదు గనుక సంవత్సరం మాత్రమే పడింది.

ఇప్పుడు సంఘటన రోజున అతని వయసు ఎంత? ఆధార్ ప్రకారం 18 ఏళ్ల 8 నెలలు. బడి ప్రకారం 16 ఏళ్ల 3 నెలలు. జనన రిజిస్టరు ప్రకారం 15 ఏళ్ల 9 నెలలు. ఈ మూడు అంకెలు మూడు వేరువేరు జీవితాలు.

18 దాటితే సెషన్స్ కోర్టు, పెద్దల జైలు, హత్య కేసులో యావజ్జీవం లేదా ఉరి. 18 లోపు అయితే 10వ సెక్షను ప్రకారం అతణ్ణి ఏ పరిస్థితిలోనూ పోలీసు లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు. 24 గంటల్లో బోర్డు ముందు నిలబెట్టాలి. అయితే 16కూ 18కీ మధ్య ఇంకో గీత ఉంది. కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరాలను చట్టం ఘోర నేరాలంటుంది. అలాంటి ఆరోపణ ఉన్న 16 ఏళ్లు నిండిన పిల్లవాడి విషయంలో 15వ సెక్షను కింద ప్రాథమిక అంచనా జరుగుతుంది. ఆ తరువాత అతణ్ణి పెద్దవాడిలా విచారించడానికి పిల్లల కోర్టుకు పంపవచ్చు. 16 నిండకపోతే ఆ దారే మూసుకుపోతుంది. ఆరోపణ ఎంత పెద్దదైనా గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచగలరు, అంతే.

అంటే పోలీసులు ఆధార్ చూపి బాల్యాన్నే కాజేస్తే, బడిలో చేర్చే తొందరలో మనమే వేయించిన ఆరు నెలలు అతణ్ణి 16 గీత దాటించాయి. చట్టం వరుసలో బడి పత్రం పైన, జనన ధ్రువపత్రం కింద ఉన్నాయి గనుక, నిజమైన తేదీ చేతిలో ఉన్నా అది రెండవ మెట్టు మీదే నిలబడుతుంది.

ఈ వరుస న్యాయమేనా అని మేము అడుగుతున్నాము. ప్రసవమైన కొద్ది రోజుల్లో ఆసుపత్రి చెప్పగా రాసిన తేదీ కింద ఉండడం, ఐదేళ్ల తరువాత బడిలో నోటిమాట మీద రాసిన తేదీ పైన ఉండడం ఏ తర్కం? జనన నమోదు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో బడి రిజిస్టరే చాలామందికి ఏకైక కాగితమన్నది నిజం. కాని ఇప్పుడు పార్లమెంటే మరో వైపు నడిచింది. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, 2023 అక్టోబర్ 1న గాని ఆ తరువాత గాని పుట్టిన వారికి బడిలో చేరికకు, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటరు జాబితాకు, వివాహ నమోదుకు, ప్రభుత్వ ఉద్యోగానికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి రుజువు. పాస్‌పోర్టు నిబంధనలను 2025లో అదే తీరుగా మార్చారు. ఆఫీసులో మొదటిదైన కాగితం బాలల న్యాయ చట్టంలో ఇంకా రెండవదే. ఒకే పిల్లవాడికి రెండు వరుసలు పెట్టి, ఆ సందులో అతణ్ణి ఇరికించడం రాజ్యానికి తగదు. 94వ సెక్షనును సరిచేసి, సకాలంలో నమోదైన జనన ధ్రువపత్రాన్ని పైకి తేవాలని మా కోరిక.

అంతవరకు ఉన్న చట్టంతోనే పోరాడాలి. దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఈ కాగితాలు కలిగించేది ఒక భావన మాత్రమేననీ, ఎదుటి సాక్ష్యంతో దానిని ఖండించవచ్చుననీ సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. బడి తేదీకి ఆధారమేమిటని అడిగితే ప్రధానోపాధ్యాయుడు రిజిస్టరు తెచ్చి "తండ్రి చెప్పినది రాశాము" అనక తప్పదు. ఏ కాగితం చూడకుండా రాసిన తేదీకి బరువు తక్కువ అన్నది కొత్త సంగతి కాదు. సమాచారం ఇచ్చిన వ్యక్తి ఎవరో, ఏ ఆధారంతో ఇచ్చాడో తేలనిదే బడి రిజిస్టరు పద్దుకు సాక్ష్య విలువ లేదని సుప్రీంకోర్టు 1988లోనే ఒక ఎన్నికల కేసులో అన్నది. ఆ పక్కనే పుట్టిన కొద్ది రోజులకే నమోదైన జనన పద్దును పెడితే బోర్డు ఆలోచించక తప్పదు. కాని ఇది వాదించి గెలుచుకోవలసినది. చేతికి అందేది కాదు.

ఈ కత్తికి రెండో వైపు కూడా పదునుంది. 2019లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో పదో తరగతి ధ్రువపత్రం నిందితుణ్ణి మైనరుగా చూపింది. కాని అంతకు ముందు బడి రికార్డులో వేరే తేదీ ఉంది. డ్రైవింగ్ లైసెన్సుకూ ఆధార్‌కూ అతనే స్వయంగా ఆ వేరే తేదీ ఇచ్చుకున్నాడు. కోర్టు పదో తరగతి పత్రాన్ని పక్కన పెట్టింది. పై మెట్టు కాగితం ఉన్నంత మాత్రాన గెలుపు ఖాయం కాదు. మన కాగితాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటే వాటన్నింటి మీదా నమ్మకం పోతుంది. పదహారేళ్ల కుర్రవాడికి లైసెన్సు కావాలని రెండేళ్లు కలిపి చెప్పే తండ్రులు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

ఆధార్ సంగతి ఇంకా సూటిగా తేలింది. అది గుర్తింపుకు రుజువే గాని పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ జారీచేసే సంస్థ తానే 2023 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. 2024 జనవరిలో భవిష్యనిధి సంస్థ తన జాబితా నుంచి దానిని తొలగించింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో ఆధార్‌ను కాదని బడి విడిచిన పత్రాన్ని తీసుకుంది. మృతుని వయసు ఆధార్ ప్రకారం 47, బడి పత్రం ప్రకారం 45. ఏటా నష్టపోయిన ఆదాయాన్ని హెచ్చవేసే అంకె 47కు 13, 45కు 14. రెండేళ్ల తేడాతో ఆ కుటుంబానికి ఒక ఏడాది ఆదాయం దక్కింది. దీనికి కోర్టు బలంగా చూపినది బాలల న్యాయ చట్టంలోని ఈ 94వ సెక్షనునే. ఇంత జరిగాక కూడా రిమాండు రిపోర్టులో "ఆధార్ ప్రకారం" అని రాయడాన్ని అజ్ఞానమని మన్నించలేము.

కొందరు అధికారులు మాకు ఒక ప్రశ్న వేస్తారు: "పాస్‌పోర్టుకూ పింఛనుకూ ఆధార్ చూస్తున్నాము గదా?" చూడవచ్చు. 2023 అక్టోబరుకు ముందు పుట్టిన వారికి పాస్‌పోర్టు నిబంధనలే జనన పత్రంతో పాటు టీసీ, పాన్, లైసెన్సు, ఓటరు కార్డు వంటి వాటిలో ఏదో ఒకటి చాలునంటాయి. అక్కడ అధికారి ఒక సౌకర్యం ఇస్తున్నాడు. ఇక్కడ రాజ్యం ఒక పిల్లవాడి స్వేచ్ఛను తీసుకుంటున్నది. ఇవ్వడానికి చాలిన కాగితం తీసుకోవడానికి చాలదు.

టీసీ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ట్రంకు పెట్టెలో భద్రంగా ఉండేది అదే. తమిళనాడు నుంచి వచ్చిన ఒక పోక్సో కేసులో 2023 జూలైలో సుప్రీంకోర్టు, బదిలీ ధ్రువపత్రం గాని, ప్రవేశ రిజిస్టరు నుంచి తీసిన నకలు గాని 94వ సెక్షను అడిగే "పాఠశాల ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం" కాదని చెప్పి, శిక్షను రద్దు చేసింది. బాధితురాలి వయసుకూ ఇదే వరుస వర్తిస్తుందని 2013లోనే తీర్పు ఉంది. అంటే కొడుకు నిందితుడైన ఇంటికీ, కూతురు బాధితురాలైన ఇంటికీ ఇది ఒకే పాఠం. టీసీ మడతపెట్టి తెస్తే సరిపోదు. ప్రధానోపాధ్యాయుని నుంచి పుట్టిన తేదీ ధ్రువపత్రం వేరుగా తీసుకోవాలి; అసలు రిజిస్టరుతో ఆయన సాక్ష్యానికి వచ్చేలా పిటిషన్ వేయాలి. అట్లాగే నోటరీ దగ్గర తల్లిదండ్రులు రాయించుకువచ్చే అఫిడవిట్ కూడా ఎందుకూ పనికిరాదు. వయసు విచారణలో సాక్ష్యం తీసుకోవాలని, అఫిడవిట్ మాత్రం కాదని 9వ సెక్షనులో స్పష్టంగా రాసి ఉంది. దానికి పెట్టే డబ్బు వృథా.

ఇక మన ఇంటి దీపం కింద ఉన్న చీకటి. ఎనిమిదేళ్లకే దీనీ మదరసాలో చేరి, ప్రభుత్వ బడి గడప తొక్కని పిల్లలకు మొదటి మెట్టు కాగితమే ఉండదు. గుర్తింపు లేని మదరసా ఇచ్చే పత్రాన్ని "పాఠశాల" పత్రం కాదని ఎదుటి పక్షం మొదటి రోజే అంటుంది. జనన ధ్రువపత్రమూ లేకపోతే ఆ పిల్లవాడు నేరుగా మూడవ మెట్టుకు, ఎక్స్‌రే బల్ల మీదికి పోతాడు. అక్కడ ఏమి జరుగుతుంది? మణికట్టు, మోచేయి, భుజం, కటి ఎముకల చివర్లు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి ఒక అంచనా ఇస్తారు. ఆ అంచనాకు రెండేళ్లు ఇటూ అటూ తేడా ఉండవచ్చునని సుప్రీంకోర్టు 1982లోనే గుర్తించింది. మన ఉదాహరణలోని కుర్రవాడికి "17" అని నివేదిక వస్తే, అది 15 కావచ్చు, 19 కావచ్చు. అతనికి ముఖ్యమైన రెండు గీతలూ ఆ తేడాలోనే పడిపోతాయి. ఆ సందేహాన్ని పిల్లవాడి వైపు తీర్చాలని వాదించవచ్చు. కాని ఏడాది వెసులుబాటు చట్టంలో రాసి ఉన్న రోజులు పోయాయి. ఒక కాగితం లేకపోవడానికి ఇంత ధర చెల్లించడం అవసరమా?

అందుకే మదరసా నిర్వాహకులను మేము సూటిగా కోరుతున్నాము. జనన ధ్రువపత్రం చూడకుండా ఏ పిల్లవాణ్ణీ చేర్చుకోకండి. లేనివారికి ముందు అది తీయించండి. జరిగి ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయడానికి మేజిస్ట్రేటు అధికారం గల అధికారి ఉత్తర్వు కావాలి. మన జిల్లాల్లో అది సాధారణంగా ఆర్డీవో కార్యాలయం. పేరు లేకుండా తల్లిదండ్రుల పేర్లతో మాత్రమే నమోదైన జననాలకు పేరు చేర్పించడానికి నిబంధనల్లో 15 ఏళ్ల గడువు ఉంది. మొదటి ఏడాది రుసుము కూడా లేదు. మన కుర్రవాడి పద్దులో పేరు గడి ఖాళీగానే ఉంది. ఆ పద్దు అతనిదేనని నిరూపించడం ఇప్పుడు వకీలుకు అదనపు భారం. షేక్ అన్నచోట ఎస్.కె. అనీ, మహమ్మద్ అన్నచోట ఎం.డి. అనీ ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా తండ్రి పేరు ఉంటే ఆ భారం రెట్టింపవుతుంది. ఈ పనులన్నీ అరెస్టుకు ముందు జరగాలి. కేసు పడిన తరువాత పుట్టించిన ధ్రువపత్రాన్ని ఏ కోర్టయినా అనుమానంగానే చూస్తుంది. అందులో తప్పు లేదు.

బడిలో తప్పు పడి ఉంటే దిద్దుకోవడానికి తగిన సమయం పదో తరగతి నామినల్ రోల్స్ పంపే నాటికి ముందు. ఆ జాబితాలో వెళ్లిన తేదీయే మెమో మీద అచ్చవుతుంది. అచ్చయ్యాక మార్పించడం ఏళ్ల పని.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి మూడే. అరెస్టు చేసిన అధికారి ఏ కాగితం చూసి వయసు రాశాడో, అది 94వ సెక్షనులో ఏ మెట్టుదో రిమాండు రిపోర్టులో విధిగా రాయించండి. ఆధార్ తప్ప మరేదీ చూడలేదని తేలినచోట, కుటుంబం మైనరని చెబుతున్నచోట, కాగితాలు తెచ్చేవరకు అతణ్ణి జైలుకు గాక పరిశీలన గృహానికి పంపండి. ఆర్డీవో కార్యాలయాల్లో జనన నమోదు దరఖాస్తులకు గడువు పెట్టి, నిరాకరిస్తే కారణం రాసి ఇవ్వండి.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మైనరునన్న వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు ముగిసిన తరువాత కూడా లేవనెత్తవచ్చునని 9వ సెక్షను చెబుతున్నది. ఇప్పటికే జైలులో ఉన్న బిడ్డల విషయంలో ఆలస్యమైందని చేతులు ముడుచుకోకండి. బడికి వెళ్లండి, మునిసిపాలిటీకి వెళ్లండి, అసలు రిజిస్టరులోని పద్దు చూడండి. కాని జైలులో గడిచిన రోజులను ఏ సెక్షనూ తిరిగి ఇవ్వదు. అందుచేత ఈ నెల మీ ఇంట్లోని ప్రతి బిడ్డ కాగితాలన్నీ ఒక్కచోట పరచండి. తేదీలు పోల్చండి. రెండు తేదీలు కనబడితే, వాటిలో నిజమైనది ఏదో మీకు తెలుసు. దానిని నిలబెట్టే పని ఈరోజే మొదలుపెట్టండి. పోలీసు తలుపు తట్టిన రాత్రి కాదు.